టిఫా స్కాన్ నుంచి కాన్పు దాకా: కడుపులో బిడ్డ బరువు, అవయవాల పక్వతపై తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రోత్ స్కాన్ అయ్యి బయటికి రాగానే ఇంట్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘బిడ్డ బరువెంత?’ అని. రెండో ప్రశ్న చాలాసార్లు ఎవరూ అడగరు: ‘ఇప్పటికి ఎన్ని వారాలు?’ బరువు ఒక లెక్క, ఊపిరితిత్తులూ మెదడూ కాలేయమూ పక్వానికి రావడం ఇంకో లెక్క. మొదటిది తిండినీ మాయనీ తల్లి ఆరోగ్యాన్నీ బట్టి అటూ ఇటూ అవుతుంది. రెండోది ఎక్కువగా వారాలనే బట్టి నడుస్తుంది. ఈ పేజీలోని జవాబులన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

మేం నెలల్లో చెబితే డాక్టర్లు వారాల్లో ఎందుకు చెబుతారు?

‘ఏడో నెల పడింది’ అంటే ఒకరి లెక్కలో 25 వారాలు, ఇంకొకరి లెక్కలో 29 వారాలు. నెలకి నాలుగు వారాలే వేసుకునేవాళ్లు కొందరు, ముప్పై రోజులు వేసుకునేవాళ్లు కొందరు. 25 వారాల బిడ్డకీ 29 వారాల బిడ్డకీ ఊపిరితిత్తుల్లో చాలా తేడా ఉంటుంది. బరువైతే దాదాపు రెట్టింపు అవుతుంది. అందుకే నెలల లెక్కతో వైద్యం కుదరదు.

వారాల్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. 14వ వారం నుంచి 28 వారాలు నిండేదాకా రెండో త్రైమాసికం, అక్కడి నుంచి కాన్పు దాకా మూడోది. నెలసరి సరిగా రాని వాళ్లకీ తేదీ గుర్తులేని వాళ్లకీ మొదటి మూడు నెలల్లో తీసిన స్కానే ఆధారం. ఆ స్కాన్ కాగితం చివరిదాకా భద్రంగా ఉంచుకోవాలి. ఎందుకో కింద ఒక ఉదాహరణలో తెలుస్తుంది.

టిఫా స్కాన్ నాటికి బిడ్డ పూర్తిగా తయారైనట్టేనా?

ఆకారం వరకు దాదాపు తయారైనట్టే. సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య తీసే ఈ స్కాన్‌లో గుండెలోని నాలుగు గదులు, వెన్నెముక, మూత్రపిండాలు, పొట్టలో జీర్ణాశయం, పెదవి, చేతులు, కాళ్లు అన్నీ చూస్తారు. 20 వారాల బిడ్డ సుమారు 330 గ్రాములు ఉంటుంది, తల నుంచి పాదం దాకా జానెడు పైచిలుకు, అంటే పాతిక సెంటీమీటర్లు.

ఆకారం వచ్చింది కదా అని అవన్నీ పూర్తిగా పని చేస్తాయని కాదు. గుండె కొట్టుకుంటోంది, మూత్రపిండాలు మూత్రం తయారుచేస్తున్నాయి. కానీ ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఒకదానికొకటి చేరువయ్యే ఏర్పాటు ఇంకా మొదలు దశలోనే ఉంది. మెదడు ఉపరితలం దాదాపు నున్నగానే ఉంది, మడతలు చాలావరకు తర్వాతే వస్తాయి. చర్మం కింద కొవ్వు దాదాపు లేదు, అందుకే ఆ వయసు బిడ్డ చర్మం పల్చగా ఎర్రగా కనిపిస్తుంది. ‘టిఫా నార్మల్’ అంటే కట్టడం బాగుందని అర్థం. లోపలి పని ఇంకా నాలుగున్నర నెలలు ఉంది.

ఏ వారానికి ఎంత బరువు ఉండాలి?

మన స్కాన్ సెంటర్లలో ఎక్కువగా వాడే హ్యాడ్‌లాక్ పట్టిక ప్రకారం మధ్యస్థ బరువులు సుమారుగా ఇలా ఉంటాయి:

- 20 వారాలు: 330 గ్రాములు
- 24 వారాలు: 670 గ్రాములు
- 28 వారాలు: 1,210 గ్రాములు
- 32 వారాలు: 1,950 గ్రాములు
- 36 వారాలు: 2,800 గ్రాములు
- 40 వారాలు: 3,600 గ్రాములు

ఈ అంకెల్లో చూడాల్సింది మధ్యనున్న తేడాలు. 20 నుంచి 24 వారాల మధ్య వారానికి 85 గ్రాములు పెరిగితే, 32 నుంచి 36 మధ్య వారానికి 200 గ్రాములు దాటుతుంది. పుట్టేనాటి బరువులో సగానికి పైగా చివరి పది వారాల్లోనే వస్తుంది. ఆ బరువులో పెద్ద వాటా కొవ్వుదే: 28 వారాలకు బిడ్డ ఒంట్లో కొవ్వు మూడు నాలుగు శాతం మాత్రమే, నెలలు నిండేసరికి అది పదిహేను శాతం దాకా చేరుతుంది. పుట్టాక చలికి తట్టుకోవడానికీ మొదటి రోజుల్లో పాలు సరిగా అందేలోపు నెట్టుకురావడానికీ ఆ నిల్వే ఆధారం.

ఇది అమెరికాలో తయారైన పట్టిక. మన దగ్గర నెలలు నిండి పుట్టే బిడ్డల సగటు మూడు కిలోల లోపే ఉంటుంది. కాబట్టి 38 వారాలకు 2,800 గ్రాములు వస్తే పట్టికలోని 3,200తో పోల్చుకుని బెంగపడాల్సిన పని లేదు. 2014లో ఇంటర్‌గ్రోత్-21 అనే అంతర్జాతీయ అధ్యయనం ఎనిమిది దేశాల ఆరోగ్యవంతులైన తల్లుల నుంచి వేరే పట్టికలు ఇచ్చింది, అందులో మన నాగపూర్ కూడా ఒక కేంద్రం. కొన్ని ఆసుపత్రులు వాటిని వాడతాయి. ఏ పట్టిక వాడినా ఒక్క గర్భానికి మొదటి నుంచి చివరిదాకా అదే వాడాలి. స్కాన్ సెంటర్ మారినప్పుడు, రిపోర్టులో బిడ్డ బరువు స్థానాన్ని చెప్పే శాతం ఒక్కసారిగా పడిపోతే, ముందు పట్టిక మారిందేమో అడగండి.

కడుపులో ఉన్న బిడ్డను తూకం వెయ్యకుండా బరువు ఎలా చెబుతారు?

నాలుగు కొలతలు తీసి సూత్రంలో వేస్తారు. తల వెడల్పు, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు. రిపోర్టులో ఇవి బీపీడీ, హెచ్‌సీ, ఏసీ, ఎఫ్‌ఎల్ అని ఉంటాయి. లెక్కగట్టిన బరువు పక్కన ఈఎఫ్‌డబ్ల్యూ అని ఉంటుంది. నాలుగింటిలో పొట్ట చుట్టుకొలతదే ఎక్కువ పెత్తనం, ఎందుకంటే కాలేయంలోని నిల్వలూ చర్మం కింది కొవ్వూ అక్కడే కనిపిస్తాయి. పొట్టను సరిగ్గా అడ్డంగా, గుండ్రంగా పట్టుకుని కొలవాలి. బిడ్డ వెన్ను పైకి తిరిగి ఉన్నా, ఉమ్మనీరు తక్కువగా ఉన్నా, ఆ గీత కాస్త వాలుగా పడి కొలత తప్పుతుంది.

మంచి చేతుల్లో కూడా ఈ లెక్క పది పదిహేను శాతం అటూ ఇటూ అవుతుంది. స్కాన్‌లో 3,000 అని వస్తే అసలు బరువు 2,600 కావచ్చు, 3,400 కావచ్చు. ‘పోయిన వారం 2,400 అన్నారు, ఈ వారం 2,350 అంటున్నారు, బిడ్డ తగ్గిపోయింది’ అని కంగారు పడేవాళ్లు చాలామంది. బిడ్డ తగ్గలేదు, రెండు కొలతల పొరపాటు కంటే వారం ఎదుగుదల చిన్నది, అంతే. అందుకే ఎదుగుదల చూడటానికి రెండు స్కాన్ల మధ్య కనీసం రెండు వారాలు, వీలైతే మూడు వారాలు ఉండాలి.

‘బిడ్డ బరువు తక్కువ’ అన్నారు. నిజంగా తక్కువో కాదో ఎలా తేలుతుంది?

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. తొలి కాన్పు, చివరి నెలసరి తేదీ ప్రకారం ఈరోజుకి 33 వారాల 3 రోజులు. గ్రోత్ స్కాన్‌లో బరువు 1,750 గ్రాములు. ఆ వయసుకి మధ్యస్థం సుమారు 2,250. నూరుమందిని బరువు వరసలో నిలబెడితే కింది నుంచి పదో స్థానంలో ఉండే బిడ్డ దాదాపు 1,890. మన బిడ్డ దానికంటే కింద ఉంది, నాలుగో స్థానం దగ్గర. రిపోర్టులో ‘పదో శాతం కంటే తక్కువ’ అని రాస్తారు, ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఇప్పుడు పాత ఫైలు తీద్దాం. 12వ వారం నాటి ఎన్‌టీ స్కాన్‌లో బిడ్డ పొడవును బట్టి కట్టిన వయసు, నెలసరి లెక్క కంటే పది రోజులు తక్కువ. నెలసరి ఆలస్యంగా వచ్చే వాళ్లలో అండం విడుదల కూడా ఆలస్యమవుతుంది కాబట్టి ఇది మామూలే. ఆ దశలో తేడా వారం దాటితే స్కాన్ తేదీనే పట్టుకోవాలన్నది నియమం. అలా లెక్కిస్తే ఈరోజుకి బిడ్డ వయసు సరిగ్గా 32 వారాలు. 32 వారాలకు మధ్యస్థం 1,950, పదో స్థానం 1,630 దగ్గర. మన 1,750 ఇరవయ్యో స్థానం చుట్టుపక్కల పడుతుంది. బిడ్డ చిన్నదే, కానీ మామూలు పరిధిలోనే ఉంది. గ్రాము మారలేదు, తేదీ మారింది.

కథ అక్కడితో ముగియదు. మూడు వారాల తర్వాత, 35 వారాలకు మళ్లీ స్కాన్ చేస్తారు. అప్పుడు 2,250 వచ్చిందనుకోండి: మూడు వారాల్లో 500 గ్రాములు పెరిగింది, పదిహేనో స్థానం దగ్గర ఉంది, తన గీత వెంట తాను నడుస్తోంది. తల్లి తండ్రి ఇద్దరూ పొట్టిగా సన్నగా ఉంటే ఇలాంటి బిడ్డ సహజంగా చిన్న బిడ్డ. అదే స్కాన్‌లో 1,980 వచ్చిందనుకోండి: మూడు వారాల్లో 230 గ్రాములే, వారానికి ఎనభై కూడా లేదు. ఇరవయ్యో స్థానం నుంచి మూడో స్థానానికి జారింది. ఇది చిన్న బిడ్డ కాదు, ఎదుగుదల ఆగుతున్న బిడ్డ. ఇక్కడ ఆరోజే రక్తప్రవాహం చూపే డాప్లర్ స్కాన్ చూడాలి, తల్లి బీపీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ చూడాలి.

ఒక్క స్కాన్‌తో వచ్చిన అంకె కంటే రెండు స్కాన్ల మధ్య గీత ఎటు పోతోందన్నదే ఎక్కువ చెబుతుంది. ఇక మూడో త్రైమాసికంలో తీసిన స్కాన్‌ని బట్టి కాన్పు తేదీ మార్చడం తప్పు. అలా మారిస్తే ఎదగని బిడ్డ కూడా ‘రెండు వారాలు చిన్న వయసు’ బిడ్డగా కనిపించి, అసలు సమస్య మరుగున పడిపోతుంది.

తల సరిగ్గా ఉంది, పొట్ట మాత్రం చిన్నగా ఉందన్నారు. దాని అర్థం ఏమిటి?

మాయ నుంచి వచ్చే రక్తం చాలనప్పుడు బిడ్డ ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. మెదడు, గుండె, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులకు రక్తం పూర్తిగా పంపుతుంది. కాలేయానికీ పేగులకీ చర్మానికీ మూత్రపిండాలకీ కోత పెడుతుంది. కాలేయంలోని గ్లైకోజన్ నిల్వ ఖర్చైపోయి పొట్ట చుట్టుకొలత ఆగిపోతుంది, తల మాత్రం కొంతకాలం మామూలుగానే పెరుగుతుంది. మూత్రపిండాలకు రక్తం తగ్గితే మూత్రం తగ్గి, ఉమ్మనీరు కూడా తగ్గుతుంది.

డాప్లర్‌లో దీన్ని నేరుగా చూడొచ్చు. బొడ్డుతాడు ధమనిలో గుండె రెండు కొట్టుకోళ్ల మధ్య కూడా రక్తం ముందుకే పారుతూ ఉండాలి. మాయలో అడ్డంకి పెరిగేకొద్దీ ఆ ప్రవాహం సన్నబడుతుంది, తర్వాత ఆగుతుంది, చివరికి వెనక్కి తిరుగుతుంది. ఆగిందంటే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. వెనక్కి తిరిగిందంటే రోజుల మీద కాదు, చాలాసార్లు గంటల మీద నిర్ణయం తీసుకుంటారు. 32 వారాల తర్వాత మొదలయ్యే సమస్యల్లో మాత్రం బొడ్డుతాడు ప్రవాహం మామూలుగానే కనిపిస్తూ, మెదడు ధమనిలో మాత్రమే మార్పు రావచ్చు. అందుకని ఈ దశలో రెండూ చూడమంటారు.

ఊపిరితిత్తులు ఎప్పటికి తయారవుతాయి?

కడుపులో ఉన్నప్పుడు వాటికి పని లేదు, ఆక్సిజన్ మాయ నుంచే వస్తుంది. ఊపిరితిత్తులు నీటితో నిండి ఉంటాయి. అయినా బిడ్డ ఛాతీ కదుపుతూ ఊపిరి పీల్చే కసరత్తు చేస్తుంటుంది, ఆ కదలిక వల్లే ఊపిరితిత్తులు సాగి ఎదుగుతాయి. చాలా ముందుగా ఉమ్మనీరు పోతే ఊపిరితిత్తులు చిన్నగా ఉండిపోవడానికి ఒక కారణం ఇదే.

16 నుంచి 25 వారాల మధ్య గొట్టాల చివర సన్నని సంచుల్లాంటివి పుడతాయి, వాటి చుట్టూ రక్తనాళాలు దగ్గరికి చేరతాయి. 24 వారాల చుట్టుపక్కల కొన్ని కణాలు సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని తయారుచెయ్యడం మొదలుపెడతాయి. దాని పని చాలా సూటిగా ఉంటుంది. తడిసిన రెండు పాలిథిన్ సంచి గోడలు ఒకదానికొకటి అంటుకుపోతే విప్పడం ఎంత కష్టమో చూశారు కదా. గాలి గదుల గోడలు కూడా ప్రతి ఊపిరికీ అలాగే అతుక్కోబోతాయి, సర్ఫాక్టెంట్ అలా అతుక్కోనివ్వదు. 34, 35 వారాలకు చాలామంది బిడ్డల్లో అది సరిపడా ఉంటుంది. అసలైన గాలి గదులు 36 వారాల నుంచి ఏర్పడుతూ, పుట్టాక కూడా ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటాయి.

28 వారాలకు పుట్టిన బిడ్డలో ఈ సర్ఫాక్టెంట్ తక్కువ. ప్రతి ఊపిరీ మొదటి ఊపిరంత కష్టంగా ఉంటుంది: పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంది, ముక్కుపుటాలు ఎగరేస్తుంది, మూలుగుతుంది. పసిపిల్లల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ పెట్టడం, అవసరమైతే సర్ఫాక్టెంట్‌ని గొట్టం ద్వారా నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెయ్యడం ఇందుకే.

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో అయితే బతకదంటారు. నిజమేనా?

కాదు. వారం గడిచేకొద్దీ బతికే అవకాశం పెరుగుతుందే తప్ప మధ్యలో ఎక్కడా తగ్గదు. 28 వారాల బిడ్డ కంటే 33 వారాల బిడ్డ పరిస్థితి అన్ని విధాలా మెరుగు. ఈ నమ్మకం మన ఊళ్లదే కాదు, ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఎనిమిదో నెల బిడ్డ గురించి ఇదే మాట ఉంది. ‘ఏడో నెలలో పుట్టి పెరిగి పెద్దయ్యాడు’ అని చెప్పుకునేవాళ్లలో కొందరు అసలు తేదీ తప్పిన ఎనిమిదో, తొమ్మిదో నెల బిడ్డలై ఉండొచ్చు. ఎనిమిదో నెలలో నొప్పులొస్తే ‘ఎలాగూ లాభం లేదు’ అని ఆలస్యం చెయ్యడమే ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం.

నెలలు నిండకముందే నొప్పులొస్తే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బరువు పెంచుతుందా?

పెంచదు. ఊపిరితిత్తుల్ని తొందరపెట్టి పక్వానికి తెస్తుంది. 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు వైద్యులు దీన్ని గర్భిణులపై పరీక్షించి చూపారు. మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు ముంచుకొస్తుంటే డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు కండకు, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు ఇస్తారు. బీటామెథసోన్ అయితే 12 మిల్లీగ్రాములు, 24 గంటల తేడాతో రెండు.

మొదటి డోసు వేసిన 24 గంటల నుంచి వారం రోజుల దాకా కాన్పు అయితే లాభం ఎక్కువ. పెద్దాసుపత్రికి పంపేముందు పీహెచ్‌సీలోనే మొదటి డోసు వెయ్యడం ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది: అంబులెన్స్‌లో గడిచే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. సుగర్ ఉన్న తల్లికి ఈ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు సుగర్ బాగా పెరుగుతుంది, ఇన్సులిన్ మోతాదు మార్చాలి. ‘దేనికైనా మంచిది’ అని అందరికీ ముందస్తుగా వేయించుకునే మందు మాత్రం ఇది కాదు.

37 వారాలు నిండాయి, బరువు 2,900 ఉంది. ముహూర్తం బాగుంది, ఆపరేషన్ చేయించుకోవచ్చా?

వైద్యపరమైన కారణం లేకపోతే 39 వారాలు నిండేదాకా ఆగడం మేలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అందుకే ఈ ప్రశ్న మన దగ్గర అంత మామూలైపోయింది.

బరువు చూసి ‘బిడ్డ తయారైపోయింది’ అనుకోవడంలో రెండు పొరపాట్లు ఉన్నాయి. ఒకటి, పైన చెప్పినట్టు ఆ 2,900 నిజంగా 2,500 కావచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. పురిటి నొప్పులు మొదలైనప్పుడు విడుదలయ్యే హార్మోన్లు బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీటిని పీల్చేసుకోమని సంకేతం ఇస్తాయి. నొప్పులు రాకుండా, అదీ 37 వారాలకే కోసి తీస్తే ఆ నీరు మిగిలిపోయి, బిడ్డ నిమిషానికి అరవైకి పైగా వేగంగా ఊపిరి తీస్తుంది. ఒకటి రెండు రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది గానీ, ఆ రెండు రోజులూ తల్లి ఒకచోట, బిడ్డ ఎన్‌ఐసీయూలో. మెదడు సంగతి కూడా ఉంది: 34, 35 వారాల నాటికి దాని బరువు నెలలు నిండిన మెదడు బరువులో మూడింట రెండొంతులే. మిగతాది చివరి వారాల్లో చేరుతుంది. పాలు చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ తడబడకుండా కలిపి చెయ్యడం 34 వారాల తర్వాతే కుదురుతుంది, 37కి కూడా కొందరు త్వరగా అలిసిపోతారు. కామెర్లు కూడా ఈ బిడ్డల్లో కాస్త ఎక్కువ.

బీపీ, ఎదుగుదల ఆగడం, రక్తస్రావం లాంటి కారణాలుంటే లెక్క వేరు. అక్కడ లోపల ఉంచడమే ప్రమాదం కావచ్చు. ముహూర్తమే పెట్టుకోవాలనుకుంటే 39 వారాలు దాటిన రోజుల్లో వెతకమని పంతులుగారిని అడగండి.

నాకు సుగర్ ఉంది. బిడ్డ పెద్దగా ఉందన్నారు, అంటే ఆరోగ్యంగా ఉన్నట్టే కదా?

తప్పనిసరిగా కాదు. తల్లి రక్తంలోని అదనపు చక్కెర మాయ దాటి బిడ్డకి చేరుతుంది, ఇన్సులిన్ దాటదు. బిడ్డ తనే ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుని ఆ చక్కెరను కొవ్వుగా దాచుకుంటుంది. పొట్ట, భుజాలు తలతో పోలిస్తే పెద్దవవుతాయి. కాన్పులో తల వచ్చాక భుజం ఇరుక్కునే ప్రమాదం అక్కడి నుంచే వస్తుంది. అదే ఇన్సులిన్ సర్ఫాక్టెంట్ తయారీని ఆలస్యం చేస్తుంది కూడా. అందువల్ల సుగర్ అదుపులో లేని తల్లికి 35 వారాలకు పుట్టిన మూడు కిలోల బిడ్డ ఊపిరికి ఇబ్బంది పడొచ్చు, 38 వారాలకు పుట్టిన 2,300 గ్రాముల బిడ్డ హాయిగా ఏడవొచ్చు. పుట్టిన వెంటనే చక్కెర సరఫరా ఆగిపోయి ఇన్సులిన్ మాత్రం మిగలడం వల్ల బిడ్డ రక్తంలో చక్కెర పడిపోతుంది. మొదటి గంటలోనే పాలు పట్టించి, మడమ నుంచి రక్తపుచుక్క తీసి చూసేది ఇందుకే.

మన దేశంలో మొదటిసారి చూపించుకున్నప్పుడూ, 24–28 వారాల మధ్య మళ్లీ ఒకసారీ 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం చూస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భంలో వచ్చిన సుగర్ కింద లెక్క.

బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని తక్కువ తినమంటున్నారు. ఏం చెయ్యాలి?

తినడం తగ్గిస్తే బిడ్డ తల చిన్నదవదు, కొవ్వూ ఇనుమూ నిల్వలే తగ్గుతాయి. కాన్పు తేలికవడం మాట అలా ఉంచి, బలం లేని బిడ్డ పుడుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా 350 కేలరీలు కావాలి. ప్రొటీన్ రెండో త్రైమాసికంలో 9.5 గ్రాములు, మూడోదానిలో 22 గ్రాములు అదనం. ఇద్దరి తిండి తినాలన్న మాట కాదిది. మామూలు భోజనానికి తోడు ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, ఇంకో గుప్పెడు కందిపప్పుతో ముద్దపప్పో పప్పుకూరో చేర్చుకుంటే దాదాపు ఇరవై గ్రాములు వచ్చేస్తాయి. ఖరీదైన పౌడరు డబ్బా వల్ల ప్రత్యేకంగా బిడ్డకే బరువు చేరదు. మాయ సరిగా పని చెయ్యనప్పుడు ఎంత తిన్నా బిడ్డకు అందదు కూడా, కాబట్టి ‘ఎదగలేదంటే నువ్వు తినలేదు’ అని కోడలిని అనడం అన్యాయం.

బిడ్డ తన ఇనుములో, కాల్షియంలో ఎక్కువ భాగాన్ని మూడో త్రైమాసికంలోనే తల్లి నుంచి తీసుకుంటుంది. ఈ ఇనుము నిల్వతోనే పుట్టాక తల్లిపాల మీద మొదటి ఆరు నెలలు గడుపుతుంది. అందుకే నాలుగో నెల నుంచి ఐరన్ ఫోలిక్ మాత్ర రోజుకొకటి, కాల్షియం మాత్ర రోజుకి రెండు ఇస్తారు. రెండూ కలిపి మింగితే కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం భోజనంతో, ఐరన్ రెండు గంటల తేడాతో వేసుకోవాలి. టీ కాఫీలను ఐరన్‌కి దూరంగా ఉంచాలి.

ఉమ్మనీరు తగ్గిందన్నారు. నీళ్లు ఎక్కువ తాగితే సరిపోతుందా?

రెండో త్రైమాసికం మధ్య నుంచి ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే. బిడ్డ దాన్ని మింగుతుంది, మళ్లీ పోస్తుంది. అందుకే నీరు తగ్గితే మూడు సంగతులు చూస్తారు: సంచి చిట్లి కారిపోతోందా, మూత్రపిండాలు బాగున్నాయా, మాయ నుంచి రక్తం చాలుతోందా. స్కాన్‌లో ఉమ్మనీటి కొలత అయిన ఏఎఫ్‌ఐ 5 సెంటీమీటర్ల లోపు, లేదా నీరున్న అన్నిటికంటే లోతైన గుంట 2 సెంటీమీటర్ల లోపు ఉంటే తక్కువ కింద లెక్క. తల్లి ఒంట్లో నీరు తక్కువై ఉంటే, ముఖ్యంగా మే నెల ఎండల్లో, నీళ్లు తాగితే కొంత మెరుగవుతుంది. మిగతా కారణాలకు నీళ్లు మందు కాదు. బట్టలు తడిసేలా కారుతుంటే ఇంట్లో నీళ్లు తాగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కుంకుమపువ్వు తింటే బిడ్డ రంగు వస్తుందా?

రాదు. రంగు తల్లిదండ్రుల జన్యువులది.

కడుపులో ఒకే లయలో టక్ టక్ అంటోంది, అది కదలికేనా?

ఎక్కిళ్లు. మామూలే, కదలికల లెక్కలో వెయ్యకండి.

నెలలు నిండాక చోటు చాలక కదలికలు తగ్గుతాయంటారు. నిజమేనా?

కదలిక తీరు మారుతుంది, సంఖ్య తగ్గకూడదు. తొలి కాన్పు అయితే 18–20 వారాలకు, తర్వాతి కాన్పులకు కాస్త ముందుగా కదలికలు తెలుస్తాయి. మాయ ముందువైపు ఉంటే ఇంకా ఆలస్యం. 28 వారాల నుంచి మీ బిడ్డకు ఒక అలవాటు ఏర్పడుతుంది, చాలామందికి రాత్రి పడుకోగానే ఎక్కువ. చివర్లో తన్నులకు బదులు దొర్లడం, తోయడం ఎక్కువవుతాయి. బిడ్డ ఒక్కో విడత ఇరవై నుంచి నలభై నిమిషాలు నిద్రపోతుంది కాబట్టి అంతసేపు కదలకపోతే భయపడాల్సింది లేదు.

రోజూ కంటే తక్కువగా అనిపిస్తే ఏదైనా తిని, ఎడమవైపుకి తిరిగి పడుకుని, ఫోను పక్కన పెట్టి లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా, రాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లి గుండె కొట్టుకోవడం చూపించుకోవాలి. అక్కడ ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా బిడ్డ గుండె లయను నమోదు చేసే ఎన్‌ఎస్‌టీ తీస్తారు, అవసరమైతే స్కాన్ చేస్తారు. నిన్ననే గ్రోత్ స్కాన్‌లో బరువు బాగుందని చెప్పినా సరే వెళ్లాలి. ఆ స్కాన్ ఇన్ని వారాల ఎదుగుదలను చెప్పింది, ఈ రాత్రి సంగతి దానికి తెలియదు.